రసీదు ఉంది... డబ్బుందా?

బ్యాలెన్స్ షీటులో ‘పెట్టుబడులు’ అని ఒక్క పదం రాస్తారు. దాని పక్కన ఒక అంకె ఉంటుంది. ఆ అంకె వెనుక డబ్బు నిజంగా ఉందా, ఉంటే అది ఆ కంపెనీదేనా, కంపెనీదే అయినా అంత విలువ చేస్తుందా... ఈ మూడు ప్రశ్నలకు జవాబు తేల్చడమే ఆడిటరు పని. వినడానికి తేలికే. కానీ దేశంలోకెల్లా పెద్ద కార్పొరేట్ మోసాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి నడిచింది ఇందులో మొదటి ప్రశ్నను సరిగ్గా అడగకపోవడం వల్లే.

ముందుగా నంద్యాల వెళ్దాం. ఏప్రిల్ వచ్చిందంటే అక్కడి ఆడిటర్ల ఆఫీసుల్లో ఫైళ్లు నడుముల ఎత్తున పేరుకుంటాయి. రైసు మిల్లులు, పత్తి జిన్నింగులు, విత్తన కంపెనీలు, పైపుల డీలర్లు... అందరి లెక్కలూ మార్చి 31తోనే ముగుస్తాయి మరి. అలాంటి వాటిలో ఒక విత్తనాల కంపెనీని ఊహించుకుందాం. పేరెందుకు, ఉదాహరణకే కదా. అయిదారేళ్లు బాగా సంపాదించింది. మిగులు డబ్బును మూడు చోట్ల పెట్టింది. బ్యాంకులో నాలుగు కోట్ల ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఒక కోటి మ్యూచువల్ ఫండ్ యూనిట్లు, ఆళ్లగడ్డ దగ్గర శనగలు, మిర్చి నిల్వ చేసే ఓ కోల్డ్ స్టోరేజీ కంపెనీలో కోటి రూపాయల షేర్లు. మొత్తం ఆరు కోట్లు. బ్యాలెన్స్ షీటులో అలాగే ఉంది.

‘డిపాజిట్ల సంగతి చూద్దామా’ అని ఆడిటరు అనగానే అకౌంటెంటు ఫైలు తెచ్చి ముందు పెడతాడు. ‘రసీదులన్నీ ఈడనే ఉన్నాయి సార్, యాడికి పోతాయి!’ మూడు రసీదులు... కోటిన్నర, కోటిన్నర, కోటి. స్టాంపులున్నాయి, సంతకాలున్నాయి. ఫైలు మూసేసి కాఫీ తాగేయొచ్చు. చాలామంది చేసే పొరపాటు సరిగ్గా ఇక్కడే!

ఎందుకంటే రసీదు అనేది కంపెనీ చేతిలో ఉన్న కాగితం. అది డబ్బు ఉందని చెప్పదు, డబ్బు ఒకప్పుడు పెట్టారని మాత్రమే చెబుతుంది. డిపాజిట్‌ను రద్దు చేసుకున్నాక కూడా దాని జిరాక్సు ఫైల్లో అలాగే ఉంటుంది. కలర్ ప్రింటరు ఉంటే అసలు పెట్టని డిపాజిట్‌కు కూడా రసీదు పుడుతుంది. డబ్బు ఎవరి దగ్గరుందో వాళ్లను అడగాలి. అంటే బ్యాంకును.

ఉత్తరం ఎవరు పోస్టు చేశారు?

దీనికో పద్ధతి ఉంది. ‘బ్యాలెన్స్ కన్ఫర్మేషన్’ అంటారు. ‘మార్చి 31 నాటికి మా ఖాతాదారు పేరిట మీ దగ్గర ఉన్న డిపాజిట్లెన్ని, ఒక్కో దాని మొత్తమెంత, గడువెప్పుడు, వాటి మీద ఏవైనా అప్పులున్నాయా’ అని బ్యాంకుకు రాస్తారు. కంపెనీ ఖాతా గురించి బ్యాంకు బయటివాళ్లకు చెప్పకూడదు కాబట్టి ఆ ఉత్తరం మీద కంపెనీ సంతకం ఉండాల్సిందే. కానీ సంతకం దగ్గరే కంపెనీ పాత్ర అయిపోతుంది. ఉత్తరాన్ని ఆడిటరే పంపాలి. బ్యాంకు చిరునామాను ఆడిటరే విడిగా సరిచూసుకోవాలి. జవాబు నేరుగా ఆడిటరుకే రావాలి. మన దేశంలో ఆడిటర్లు పాటించాల్సిన ప్రమాణాల్లో 505వ నంబరుది చెప్పేది ఇదే... అడగడం మొదలు జవాబు అందేదాకా ఆ ఉత్తర ప్రత్యుత్తరం ఆడిటరు అదుపులోనే ఉండాలి.

పల్లెటూళ్లో సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి అబ్బాయి తండ్రినే అడిగి రారు కదా. ఆ ఊళ్లో వేరేవాళ్లను కదిపి చూస్తారు. ఇదీ అంతే. మధ్యలో అకౌంటెంటు ‘మీకెందుకు శ్రమ సార్, బ్యాంకుకు ఎట్లాగూ పోతున్నా, నేనే ఇప్పించుకొస్తా’ అన్నాడంటే, అతను మంచివాడైనా సరే, ఆ కాగితానికి విలువ పోయినట్టే.

ఇంత చిన్న విషయం కొంపలు ముంచుతుందా అనుకుంటే సత్యం కథ వినాలి.

కాగితం మీద 5,361 కోట్లు!

2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు రాసిన ఉత్తరం ఆ ఉదయం బయటికొచ్చింది. 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల్లో కంపెనీ నగదు, బ్యాంకు నిల్వలుగా 5,361 కోట్లు చూపించామనీ, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవనీ అందులో ఉంది. అంటే ప్రతి వంద రూపాయల్లో 94 కేవలం అంకెలు. ఆ లేని డబ్బు మీద రావాల్సిన వడ్డీ అంటూ చూపించిన 376 కోట్లు కూడా లేనివే. పులి మీద స్వారీ చేస్తూ, దిగితే అది తినేస్తుందేమోనన్న భయంతో కొనసాగినట్టుగా ఉందని ఆయన రాసుకున్న పోలిక అప్పట్లో ఇంటింటా వినిపించింది.

ఆ నిల్వల్లో పెద్ద ముక్క ఫిక్స్‌డ్ డిపాజిట్లే. సెబీ దర్యాప్తులో తేలినదాని ప్రకారం, పుస్తకాల్లో ఉన్న డిపాజిట్లు 3,318 కోట్లు కాగా నిజంగా బ్యాంకుల్లో ఉన్నవి పది కోట్ల లోపే. ఏదో మారుమూల సహకార బ్యాంకుల్లో అనుకునేరు! పేరున్న పెద్ద బ్యాంకుల్లోనే. ఆ బ్యాంకుల్లో ఏ ఒక్కదాని నుంచి నికరమైన జవాబు తెప్పించుకున్నా కథ అక్కడితో ముగిసేది.

మరి ఆడిటర్లు అడగలేదా? అడిగారు. కానీ అడిగిన తీరే అసలు సమస్య. సత్యం షేర్లు న్యూయార్క్ ఎక్స్ఛేంజీలోనూ ఉండేవి కాబట్టి అమెరికా నియంత్రణ సంస్థలు కూడా ఈ ఆడిట్‌ను తవ్వాయి. 2011 ఏప్రిల్‌లో అవి ఇచ్చిన ఉత్తర్వుల్లో ఉన్న సంగతి... బ్యాంకులకు పంపాల్సిన ఉత్తరాలను ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థల ఆడిట్ బృందం తన అదుపులో ఉంచుకోలేదు. వాటిని కంపెనీ యాజమాన్యానికే అప్పగించి, వాళ్లు తెచ్చిచ్చిన జవాబులనే నమ్మింది. అంతకన్నా విచిత్రం ఏంటంటే, కొన్ని బ్యాంకు శాఖల నుంచి నేరుగా వచ్చిన జవాబుల్లోని అంకెలకూ, యాజమాన్యం ద్వారా వచ్చిన అంకెలకూ చాలా తేడా ఉంది. రెండు కాగితాలూ చేతిలో ఉండి కూడా ఆ తేడా ఎందుకొచ్చిందని ఆరా తీయలేదు. ఆ సంస్థలు అమెరికాలోని రెండు నియంత్రణ సంస్థలకు కలిపి 75 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి.

ఇక్కడ ఆ తర్వాతి కథ పొడుగ్గా సాగింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు మొత్తం పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. వారిలో ఇద్దరు ఆ ఆడిట్ సంస్థకు చెందినవారు. అప్పీలుకు వెళ్లడంతో నెల దాటగానే ఆ శిక్ష అమలు ఆగి, బెయిల్ వచ్చింది. 2018 జనవరిలో సెబీ ఆ ఆడిట్ సంస్థ లిస్టెడ్ కంపెనీల లెక్కలు రెండేళ్లు చూడకూడదని నిషేధిస్తే, 2019 సెప్టెంబరులో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆ నిషేధాన్ని కొట్టేసింది. తప్పు ఎంత, ఎవరిది అన్నదాని మీద ఇన్ని మలుపులు. ఉత్తరాలు ఎవరి చేతుల మీదుగా వెళ్లాయన్న దగ్గర మాత్రం మలుపులేమీ లేవు.

ఇదేదో మన తెలుగువాళ్లకే పుట్టిన తెలివి కాదులెండి. ఇటలీ పాల ఉత్పత్తుల దిగ్గజం పార్మలాట్ 2003లో కుప్పకూలింది. దాదాపు 400 కోట్ల యూరోలు ఓ అమెరికా బ్యాంకులో ఉన్నాయని చెప్పిన ఉత్తరం నకిలీదని ఆ బ్యాంకే ప్రకటించడంతో. 2020లో జర్మనీ కంపెనీ వైర్‌కార్డ్ కూడా అంతే. 190 కోట్ల యూరోలు ఫిలిప్పీన్స్‌లోని రెండు బ్యాంకుల్లో ఉన్నాయన్నారు. మా దగ్గర అలాంటి ఖాతాలే లేవు, ఆ కాగితాలు బూటకం అన్నాయి ఆ బ్యాంకులు. దేశాలు వేరు, భాషలు వేరు... కిటుకు ఒకటే.

మేనేజరే కలిస్తే?

సరే, ఆడిటరే ఉత్తరం పోస్టు చేశాడు, బ్యాంకు శాఖ నుంచి నేరుగా జవాబొచ్చింది. ఇక నిశ్చింతేనా? అదీ కాదని తెలుగు అకాడమీ ఉదంతం చెప్పింది.

మనందరి ఇళ్లలో ఇంటర్, డిగ్రీ పుస్తకాలుగా ఉండే ఆ అకాడమీ హైదరాబాద్‌లోని కొన్ని బ్యాంకు శాఖల్లో కోట్ల రూపాయలను ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేసింది. రాష్ట్ర విభజన పంపకాల నేపథ్యంలో 2021 సెప్టెంబరులో ఆ డబ్బు వెనక్కి తీసుకుందామని అడిగితే, ఆ డిపాజిట్లు ఎప్పుడో రద్దయిపోయాయన్నారు. 60 కోట్లకు పైగా సొమ్ము ఓ సహకార పరపతి సంఘం ఖాతాల్లోకి వెళ్లి, అక్కడి నుంచి నగదుగా మాయమైంది. పోలీసులు అరెస్టు చేసినవారిలో దళారులతో పాటు బ్యాంకు శాఖ మేనేజరు కూడా ఉన్నారు. అకాడమీ బీరువాలో మాత్రం రసీదులు భద్రంగా ఉన్నాయి. అవి నకిలీవి!

అలాంటి శాఖకు ఉత్తరం రాస్తే జవాబు రాసేది ఎవరు? ఆ మేనేజరే. అందుకే అనుభవమున్న ఆడిటర్లు పెద్ద మొత్తాల దగ్గర శాఖతో ఆగరు. బ్యాంకు ప్రాంతీయ కార్యాలయాన్నో, కేంద్ర కార్యాలయాన్నో కూడా అడుగుతారు. జవాబు ఈమెయిల్‌లో వస్తే అది బ్యాంకు అధికారిక చిరునామా నుంచి వచ్చిందో లేదో చూస్తారు. ఉత్తరం మీదున్న ఫోన్ నంబరుకు కాకుండా, బ్యాంకు వెబ్‌సైట్‌లో విడిగా వెతికి పట్టుకున్న నంబరుకు ఫోన్ చేస్తారు. నకిలీ ఉత్తరం తయారుచేసినవాడు నకిలీ నంబరు వేయలేడా ఏంటి?

వడ్డీ చెప్పే నిజం

ఇంకో దారి ఉంది. ఇది బ్యాంకునూ కంపెనీనీ కాకుండా మూడోవాళ్లను అడగడం. ఆ మూడోవాళ్లు పన్ను శాఖ.

మన విత్తనాల కంపెనీ దగ్గరికొద్దాం. నాలుగు కోట్ల డిపాజిట్లు, వడ్డీ 7 శాతం. ఏడాదికి 28 లక్షల వడ్డీ రావాలి. పుస్తకాల్లో 28 లక్షలే రాసి ఉంది. బాగుంది. కంపెనీకి వడ్డీ ఇచ్చేటప్పుడు బ్యాంకు 10 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి కడుతుంది. గడువు దాకా వడ్డీ చేతికివ్వకుండా అసలులో కలిపే డిపాజిట్ అయినా సరే, ఏటా లెక్కగట్టి కోస్తుంది. అంటే 2 లక్షల 80 వేలు కోసి ఉండాలి. ఆ కోత కంపెనీ పాన్ నంబరు మీద పన్ను శాఖ వెబ్‌సైట్‌లో కనిపిస్తుంది. ఆడిటర్లు 26ఏఎస్ అని పిలవడానికి అలవాటుపడ్డ పత్రం అది. దాన్ని అకౌంటెంటు ప్రింటు తీసిస్తే తీసుకోకుండా, ఎదురుగా కూర్చోబెట్టి లాగిన్ చేయించి చూస్తాడు ఆడిటరు.

అక్కడ 2 లక్షల 10 వేలే ఉంది!

వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్లండి. 2 లక్షల 10 వేలు పన్ను కోశారంటే బ్యాంకు ఇచ్చిన వడ్డీ 21 లక్షలు. 7 శాతం చొప్పున 21 లక్షల వడ్డీ వచ్చిందంటే అసలు మూడు కోట్లు. నాలుగో కోటి ఏమైంది? బ్యాంకు ఇంకా జవాబు రాయకముందే, ఓ చిన్న గుణకారంతో ఆడిటరుకు తెలిసిపోయింది. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. మూడో డిపాజిట్ ఏడాది మొదట్లోనే, ఏప్రిల్ తొలివారంలో రద్దయింది. రసీదు మాత్రం ఫైల్లో మిగిలింది. రద్దయిన డబ్బు ఎక్కడికి పోయిందన్నది వేరే కథ. దానికి బ్యాంకు స్టేట్‌మెంట్ల వెంట పడాలి.

పన్ను కోతలో తేడా కనిపించిందంటే మోసమేనని తీర్మానించడానికి మాత్రం లేదు. కోత వద్దని లేదా తక్కువ కోయమని పన్ను శాఖ నుంచి ధ్రువపత్రం తెచ్చుకున్న కంపెనీలుంటాయి. బ్యాంకు ఆ త్రైమాసికం లెక్కను ఆలస్యంగా దాఖలు చేసి ఉండొచ్చు. డిపాజిట్ ఏడాది మధ్యలో వేసి ఉండొచ్చు. ఆ కారణాలేవీ లేకపోతేనే అనుమానం గట్టిపడుతుంది.

ఉంది కానీ... మనది కాదు

బ్యాంకు జవాబులో రెండో పేరా కూడా ఉంది. తొందరపడేవాళ్లు చదవకుండా వదిలేసేది అదే. కోటిన్నర రూపాయల రెండో డిపాజిట్ ఉంది, కంపెనీ పేరుతోనే ఉంది. కాకపోతే దాని మీద ‘లీన్’ ఉంది. అంటే తాకట్టు. ఆ డిపాజిట్‌ను హామీగా పెట్టి, మేనేజింగ్ డైరెక్టరు తమ్ముడు భాగస్వామిగా ఉన్న ఎరువుల దుకాణం కోటీ 35 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ వాడుకుంటోంది. డిపాజిట్ మీద 90 శాతం దాకా అప్పివ్వడం బ్యాంకులకు మామూలే.

తమ్ముడి దుకాణం అప్పు తీర్చకపోతే బ్యాంకు చేసేది ఒక్కటే... గడువు దాకా కూడా ఆగకుండా డిపాజిట్‌ను జమ చేసేసుకుంటుంది. బీరువాలో నగలున్నాయి, కానీ కుదువ దుకాణం వాడి బీరువాలో ఉన్నాయన్నట్టు! అందుకే ‘డిపాజిట్ ఉందా’ అని మాత్రమే అడిగే ఉత్తరం సగం ఉత్తరమే. ‘దాని మీద ఎవరికైనా హక్కుందా’ అని కూడా అడగాలి. పైగా ఇక్కడ చట్టం కూడా అడ్డొస్తుంది. డైరెక్టరు బంధువులు భాగస్వాములుగా ఉన్న సంస్థ తీసుకునే అప్పుకు కంపెనీ హామీ ఉండటాన్ని కంపెనీల చట్టం 185వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లోవాళ్లకు అన్నదమ్ముల సర్దుబాటుగా కనిపించే పని, చట్టం కంటికి నేరంగా కనిపిస్తుంది. చిన్న ఊళ్లలోని కుటుంబ కంపెనీల్లో ఆడిటరుకూ యజమానికీ మాట పట్టింపులొచ్చేది చాలావరకు ఇలాంటి చోటే.

మ్యూచువల్ ఫండ్ల దగ్గర పెద్ద గొడవ లేదు. ఫండ్ సంస్థ నుంచో, డిపాజిటరీ నుంచో ఆడిటరు నేరుగా స్టేట్‌మెంటు తెప్పించుకుంటాడు. యూనిట్లు ఎన్ని, తాకట్టులో ఉన్నాయా అన్నది అందులోనే ఉంటుంది. ఖాతా ఎవరి పేరుతో ఉందన్నది మాత్రం అక్షరం అక్షరం చూస్తాడు. కంపెనీ డబ్బుతో కొన్న పెట్టుబడి కంపెనీ పేరుతోనే ఉండాలన్నది 187వ సెక్షన్. ‘కంపెనీ పేరుతో ఖాతా తెరవాలంటే బోలెడు కాగితాలు, అందుకే సారు పేరు మీద కొన్నాం’ అనే జవాబు అరుదేమీ కాదు. విలువ సంగతి మరీ సులువు. మార్చి 31 నాటి యూనిట్ ధరను ఫండ్ సంస్థే ప్రకటిస్తుంది, గుణిస్తే సరి.

ఆళ్లగడ్డ షేరు ఎంత?

అసలు చిక్కంతా మూడో పెట్టుబడితో. నంద్యాల నుంచి కడప రోడ్డులో వెళ్తే వచ్చే ఆళ్లగడ్డ దగ్గరి ఆ కోల్డ్ స్టోరేజీ కంపెనీ షేర్లు ఏ ఎక్స్ఛేంజీలోనూ అమ్ముడుపోవు. పేపర్లో ధర రాదు. మన కంపెనీ షేరు 50 రూపాయల చొప్పున 2 లక్షల షేర్లు కొంది. అంటే కోటి రూపాయలు. కోల్డ్ స్టోరేజీకి మొత్తం 20 లక్షల షేర్లున్నాయి, మనది పదో వంతు.

‘కోటి ఏంటి సార్, ఇప్పుడు కోటిన్నర పలుకుతుంది’ అంటాడు యజమాని. షేరుకు 75 రూపాయలని లెక్కగట్టిన ఓ నివేదిక కూడా చూపిస్తాడు. వచ్చే అయిదేళ్లలో గదులన్నీ 90 శాతం నిండుతాయి, అంత అద్దె వస్తుంది, ఆ లాభాన్ని నేటి విలువకు మారిస్తే ఇంత... అని ఆ నివేదిక సారాంశం. లెక్కలో తప్పేమీ లేదు. కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే విలువ కట్టడంలో మోసాలు కూడికల్లో దాక్కోవు, ఊహల్లో దాక్కుంటాయి. ‘90 శాతం’ అనే ఒక్క ఊహ మీద మొత్తం భవంతి నిలబడి ఉంది.

ఆ ఊహను పరీక్షించాలంటే ఆళ్లగడ్డ వెళ్లాల్సిందే. గోదాము పుస్తకాల్లో గత రెండేళ్లలో ఎన్ని బస్తాలు వచ్చాయో చూస్తే, గదులు సగం కూడా నిండలేదు. పుస్తకాలను ఎలాగైనా రాయొచ్చు అనుకుంటే, కరెంటు బిల్లు ఉంది. కోల్డ్ స్టోరేజీకి కరెంటే ప్రాణం. సరుకు పెరిగి మరిన్ని గదులు చల్లబరుస్తుంటే బిల్లు పెరగకుండా ఉండదు. రెండేళ్లుగా బిల్లు పెరగలేదంటే బస్తాలూ పెరగలేదన్నమాటే.

ఇక రెండో దారిలో లెక్కేద్దాం. ఆ కంపెనీ ఆస్తులన్నీ కలిపి పుస్తకాల్లో 9 కోట్లు. అప్పులు 5 కోట్లు. మిగిలేది 4 కోట్లు. 20 లక్షల షేర్లకు పంచితే షేరుకు 20 రూపాయలు. అయితే స్థలాన్ని ఎప్పుడో 40 లక్షలకు కొన్నారు, అది పుస్తకంలో అలాగే ఉంది. ఇప్పుడు రోడ్డు పక్కన అలాంటి స్థలం కోటీ 60 లక్షలు చేస్తుందనుకుందాం. యజమాని నోటిమాట మీద కాదు, చుట్టుపక్కల ఈ మధ్య రిజిస్టరైన అమ్మకాలు చూసి. అప్పుడు ఇంకో కోటీ 20 లక్షలు కలుస్తుంది. 5 కోట్ల 20 లక్షలు... షేరుకు 26 రూపాయలు. మన 2 లక్షల షేర్లు 52 లక్షలు.

కొన్నది కోటికి. యజమాని అంటున్నది కోటిన్నర. తేలింది 52 లక్షలు. దీన్ని కూడా రాతిమీద గీత అనుకోకూడదు. ఇంకో ఆడిటరు లెక్కేస్తే 45 రావచ్చు, 60 రావచ్చు. ధర కనిపించని పెట్టుబడికి ఒకే ఒక్క సరైన విలువ ఉండదు, సమర్థించుకోగల హద్దులుంటాయి. కోటిన్నర ఆ హద్దుల్లో లేదన్నదే ఆడిటరు చెప్పగలిగేది.

తర్వాత ఏం చేయాలన్నది కంపెనీ పరిమాణాన్ని బట్టి మారుతుంది. లిస్టెడ్ కంపెనీలు, 250 కోట్లు దాటిన నికర విలువ ఉన్న కంపెనీలు పాటించే కొత్త ప్రమాణాల్లో ఇలాంటి షేర్లను ఏటా సముచిత విలువకే చూపించాలి. మన నంద్యాల కంపెనీ లాంటి చిన్నవాటికి పాత నియమమే. దీర్ఘకాలం ఉంచుకునే పెట్టుబడిని కొన్న ధరకే చూపించొచ్చు. విలువ పెరిగిందని రాసుకోవడానికి వీల్లేదు కాబట్టి కోటిన్నర మాట అక్కడే కొట్టుకుపోయింది. కానీ విలువ పడిపోయి, ఆ పతనం తాత్కాలికం కాదని తేలితే తగ్గించి తీరాలి. ఒక్క ఏడాది మిర్చి పండక గదులు ఖాళీగా ఉంటే అది తాత్కాలికం. పక్కనే మరో రెండు స్టోరేజీలు వెలిసి సరుకును పంచుకుంటుంటే మాత్రం కాదు. 48 లక్షలు నష్టం రాయమంటాడు ఆడిటరు. యజమాని ఒప్పుకోకపోతే ఆడిట్ నివేదికలో ఆ సంగతి విడిగా, అంకెతో సహా రాస్తాడు. ఆ నివేదికను రుణమిచ్చే బ్యాంకు చదువుతుందని ఇద్దరికీ తెలుసు.

గాలికి బదులు నేల

విలువ కట్టడం అనే ఈ సందు ఎంత పెద్దదో సత్యం కథలోనే ఇంకో అధ్యాయం చెబుతుంది. ఉత్తరం బయటికి రావడానికి మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, సత్యం బోర్డు రెండు కంపెనీలను కొంటామని ప్రకటించింది... మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా. రెండూ రాజు కుటుంబానివే. మొత్తం 160 కోట్ల డాలర్లు. అందులో 130 కోట్లు ఒక్క మేటాస్ ప్రాపర్టీస్‌కే. అది లిస్టు కాని కంపెనీ, దాని బలమంతా భూములు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములెందుకని వాటాదారులు భగ్గుమన్నారు. న్యూయార్క్‌లో షేరు కూలింది. గంటల్లోనే నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఎందుకు కొనాలనుకున్నారో జనవరి ఉత్తరంలో రాజే చెప్పారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమట అది. ఆ ఎత్తుగడను విడదీసి చూడండి. బ్యాంకులో లేని డబ్బుతో భూముల కంపెనీని కొన్నట్టు రాస్తే, పుస్తకాల్లో డిపాజిట్ల అంకె చెరిగిపోయి దాని స్థానంలో భూములు వస్తాయి. అమ్మేవాళ్లు సొంతవాళ్లే కాబట్టి చెల్లింపులను వాయిదా వేసుకోవచ్చు. ఆపైన ఏ బ్యాంకుకు ఉత్తరం రాసినా పట్టుబడేదేమీ ఉండదు. భూములు నిజంగానే ఉంటాయి, కంపెనీ పేరుతోనే ఉంటాయి. మిగిలేది మూడో ప్రశ్న ఒక్కటే, వాటి విలువెంత? దానికి జవాబుగా ఓ నివేదిక ఉంటుంది! డిపాజిట్ అయితే ఉందా లేదా అని ఒక్క మాటలో తేలిపోతుంది. భూమి విలువ మీద ఏళ్ల తరబడి వాదించుకోవచ్చు.

ఇంట్లో కూర్చుని చూసేవి

షేర్లు కొన్నవాళ్ల ఇంటికి ఏటా వార్షిక నివేదిక వస్తుంది, లేదంటే ఈమెయిల్‌లో. బొమ్మలు చూసి పక్కన పెట్టేసేవాళ్లే ఎక్కువ. లోపలి పేజీల్లో ‘నోట్స్’ అని ఉంటాయి. ఆడిటరు చేసిన లెక్కలన్నీ మనం చేయలేం కానీ రెండు మాత్రం క్యాలిక్యులేటరుతో చేయొచ్చు.

ఒకటి వడ్డీ లెక్క. ఏడాది మొదట్లో, చివర్లో ఉన్న డిపాజిట్లను కూడి రెండుతో భాగించి, ఆ ఏడాది వచ్చిన వడ్డీని దాంతో పోల్చాలి. బ్యాంకులు 7 శాతం ఇస్తున్న రోజుల్లో కంపెనీకి 3 శాతమే వచ్చిందంటే, ఏడాదంతా ఆ డబ్బు అక్కడ లేదన్నా అనుకోవాలి, మార్చి 31 కోసమే ఎక్కడి నుంచో తెచ్చి పెట్టారన్నా అనుకోవాలి. ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. సత్యంలో లాగా డిపాజిట్‌తో పాటు వడ్డీని కూడా కల్పించి రాస్తే శాతం చక్కగానే కనిపిస్తుంది. అప్పుడు ఆ వడ్డీ చేతికొచ్చిందా, లేక ‘రావాల్సిన వడ్డీ’గానే పేరుకుపోతోందా అన్నది చూడాలి.

రెండోది అప్పుల పేజీ. వందల కోట్ల డిపాజిట్లున్న కంపెనీ, అంతకన్నా ఎక్కువ వడ్డీకి అప్పు ఎందుకు తెస్తోంది? ఒక్కోసారి సరైన కారణమే ఉంటుంది. ఆ డిపాజిట్లు తాకట్టులో ఉండొచ్చు, ప్రభుత్వ కాంట్రాక్టుల గ్యారంటీల కింద బ్యాంకులో ఇరుక్కుని ఉండొచ్చు. అలాగైతే ఆ సంగతి నోట్స్‌లో చిన్న అక్షరాల్లో ఉండాలి.

మన విత్తనాల కంపెనీ నోట్స్‌లోకి ఆ చిన్న అక్షరాలు ఈ ఏడాదే వచ్చాయి. బ్యాలెన్స్ షీటులో ఆరు కోట్లు కాస్తా నాలుగు కోట్ల 52 లక్షలయింది. అందులో కోటిన్నర తాకట్టులో ఉందని కింద మరో వాక్యం. యజమాని సంతకం పెట్టడానికి పది రోజులు పట్టింది. తమ్ముడి దుకాణం ఓవర్‌డ్రాఫ్ట్ ఎప్పటికి తీరుస్తారో రాతపూర్వకంగా ఇమ్మని ఆడిటరు అడిగిన కాగితం మాత్రం ఇంకా రాలేదు.